కొత్తగా చేరిన అక్కచెల్లెళ్ళకు స్వాగతం: అడిగి తెలుసుకుని సంతకం పెట్టండి

(వార్షిక మహాసభలో కొత్త సభ్యులను ఆహ్వానిస్తూ సమాఖ్య పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది మన రుషికొండ చుట్టుపక్కల వాడల నుంచి కొత్తగా సంఘాల్లో చేరిన వారందరికీ సమాఖ్య తరఫున స్వాగతం చెబుతున్నాం. మీలో కొందరు పూర్తిగా కొత్త సంఘం పెట్టుకున్నారు. ఎక్కువమంది మాత్రం పాత సంఘంలో ఒకరు మానేస్తే ఆ ఖాళీలో చేరారు. ఇలా చేరినవారికి సందేహాలు ఎక్కువ ఉంటాయని మాకు తెలుసు. మిగతావాళ్ళు ఐదారేళ్ళుగా కలిసి నడుస్తున్నారు, వాళ్ళ మాటలు వాళ్ళకే అర్థమవుతాయి. తీర్మానం, అంతర్గత అప్పు, లింకేజీ, వాయిదా అని వాళ్ళు చకచకా మాట్లాడేసుకుంటుంటే కొత్తామె తల ఊపి కూర్చుంటుంది. "అందరూ పెట్టీసినారు కదా, నానూ పెట్టీసినాను" అని సంతకం చేసి ఇంటికి వెళ్ళిపోతుంది.

ఆ సంతకం గురించే ఈరోజు మీతో మాట్లాడతాం. మన సంఘాల్లో నియమాలు కొన్ని ఉన్నాయి. వాటిని చదివి వినిపించి వదిలేస్తే గుర్తుండవు. ఏ నియమం ఎందుకు వచ్చిందో తెలిస్తే ఎవరూ చెప్పక్కర్లేకుండానే పాటిస్తారు. అందుకని కొత్తవాళ్ళు మమ్మల్ని అడిగే ప్రశ్నలనే తీసుకుని ఒక్కొక్కటిగా చెబుతాం.

"నేను సంతకం పెడితే దేనికి బాధ్యత తీసుకున్నట్టు?"

మొదట అడగాల్సింది ఇదే. బ్యాంకు మన సంఘానికి అప్పిచ్చేటప్పుడు ఇల్లు, నగ తాకట్టు పెట్టించుకోదు. పదిమందీ ఒకరికొకరు పూచీ అని రాసిన ఒప్పంద పత్రం మీద అందరి సంతకాలు తీసుకుంటుంది. అప్పు సంఘం పేరున వస్తుంది, మీ ఒక్కరి పేరున కాదు. ఐదు లక్షలు వచ్చాయనుకోండి. పదిమంది తలా యాభై వేలు పంచుకున్నారు. మీ లెక్కలో మీరు యాభై వేలకే బాకీ. బ్యాంకు లెక్కలో మీ సంఘం ఐదు లక్షలకు బాకీ. ఈ తేడా తెలిసే సంతకం పెట్టాలి.

నెలకు మనిషికి 1,700 చొప్పున సంఘం మొత్తం 17,000 వాయిదా కట్టాలనుకుందాం. ఒకామె కట్టలేదు. మిగతా తొమ్మిదిమంది కట్టింది 15,300. ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అన్నది బ్యాంకు పుస్తకంలో కనపడదు. ఆ సంఘం 1,700 తక్కువ కట్టింది అనే కనపడుతుంది. అలా ఆలస్యం మూడు నెలలు దాటితే ఆ ఖాతా మొండిబాకీల్లోకి పోతుంది. సక్రమంగా కట్టిన తొమ్మిదిమందికీ తర్వాతి అప్పు ఆగిపోతుంది. ప్రభుత్వం వడ్డీ రాయితీ ఇచ్చేదీ వాయిదా తప్పని సంఘాలకే. అందుకే వాయిదా తేదీ దాటనివ్వకండి అని మేము పదే పదే చెబుతాం. మిమ్మల్ని అనుమానించి చెప్పే మాట కాదమ్మా అది. మీ పక్కన కూర్చున్నామె పిల్లాడి ఫీజు మీ వాయిదాతో ముడిపడి ఉంది.

మరి పాత సంఘంలో మధ్యలో చేరినవాళ్ళ సంగతి ఏమిటి? మీరు చేరేనాటికి ఆ సంఘం మీద బ్యాంకు అప్పు ఉంటే, దాని డబ్బు మీ చేతికి రాలేదు, ఆ పత్రం మీద మీ సంతకమూ లేదు. ఆ అప్పు పాతవాళ్ళే తీర్చుకోవాలి. మానేసిన ఆమె తన వాటా తీర్చే బయటికి వెళ్ళాలి. "ఆమె బాకీ నువ్వు కట్టేయ్, ఆమె స్థానం నీదే" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, సమాఖ్యకు చెప్పండి. మీకు వాటా వచ్చేది తర్వాతి అప్పులో. అప్పుడు కొత్త పత్రం రాస్తారు. దాన్ని చదివించుకుని, మొత్తం ఎంత, నా వాటా ఎంత, ఎన్ని నెలలు, నెలకు ఎంత అనే నాలుగూ తెలుసుకున్నాక సంతకం పెట్టండి. చదువు రానివారు వేలిముద్ర వేసే ముందు, పత్రాన్ని బిగ్గరగా చదవమని అడగాలి. అలా అడిగితే చిన్నబుచ్చినట్టు ఏ లీడరూ అనుకోకూడదు. ఈ మాట లీడర్లకు చెబుతున్నాం.

"వాళ్ళు ఐదేళ్ళ నుంచి పొదుపు కడుతున్నారు. ఇప్పుడు చేరిన నేను వాళ్ళతో సమానం ఎలా అవుతాను?"

ఇది చాలా న్యాయమైన ప్రశ్న. దీన్ని ముందే తేల్చుకోకపోతే రెండు మూడేళ్ళకు గొడవై కూర్చుంటుంది. లెక్క వేసి చూద్దాం.

ఒక సంఘంలో పదిమంది నెలకు 200 చొప్పున ఐదేళ్ళు పొదుపు చేశారు. ఒక్కొక్కరిది 12,000 అయింది. పదిమందిదీ 1,20,000. ఆ డబ్బు ఊరికే ఉండలేదు. సభ్యులే తమలో తాము అప్పుగా తిప్పుకున్నారు. ఆ వడ్డీ ఖర్చులు పోను 30,000 మిగిలింది. అంటే సంఘం సొంత నిధి 1,50,000, ఒక్కొక్కరి వాటా 15,000. ఇప్పుడు ఒకామె మానేసి, ఆ సంఘం తీర్మానం ప్రకారం తన 15,000 తీసుకెళ్ళింది. ఆమె స్థానంలో మీరు చేరారు.

మీ ముందు రెండు దారులు ఉంటాయి. ఒకటి, ఆ 15,000 మీరు కూడా కట్టి మొదటి రోజు నుంచే అందరితో సమానం కావడం. ఒక్కసారి కట్టలేకపోతే వాయిదాల్లో కట్టవచ్చు. రెండోది, ఈ నెల 200తోనే మొదలుపెట్టడం. అప్పుడు పాత 30,000 లాభంలో మీకు వాటా ఉండదు. ఇకముందు వచ్చే లాభంలో మాత్రం మీ పొదుపు ఎంతో అంతమేర వాటా ఉంటుంది. రెండూ మంచి పద్ధతులే. ఏది ఎంచుకున్నా చేరిన నెలలోనే సమావేశంలో మాట్లాడి, తీర్మానాల పుస్తకంలో రాయించి, అందరూ సంతకం పెట్టాలి. నోటిమాటగా వదిలేస్తే, సంఘం డబ్బు పంచుకునే రోజున "నాకు ఇంతే ఏటి?" అని మీరు, "నువ్వు మొన్న వచ్చినావు కదే" అని వాళ్ళు అనుకోవాల్సి వస్తుంది. అప్పుడు ఎవరి మాటకూ రుజువు ఉండదు.

మానేసేటప్పుడు ఏం ఇస్తారు అన్నది కూడా చేరేటప్పుడే అడగండి. కొన్ని సంఘాలు పొదుపు, లాభం రెండూ ఇస్తాయి. కొన్ని పొదుపే ఇస్తాయి. మీ సంఘం తీర్మానం ఏమిటో చూపించమనండి. అందులో తప్పు లేదు. పెళ్ళి మాటల్లోనే కట్నకానుకలు మాట్లాడుకున్నట్టు, లోపలికి వచ్చేటప్పుడే బయటికి వెళ్ళే దారి తెలుసుకోవాలి.

"సంఘంలో అప్పు తీసుకుంటే వడ్డీ ఎంత పడుతుంది?"

మన సంఘాల్లో చాలావాటిలో అంతర్గత అప్పుకు రూపాయి వడ్డీ. అంటే నూటికి నెలకు ఒక రూపాయి. ఇంతవరకు అందరికీ తెలుసు. కానీ దేని మీద రూపాయి అన్నది అడగాలి.

మీరు 10,000 తీసుకున్నారు. నెలకు వెయ్యి చొప్పున పది నెలల్లో తీరుస్తానన్నారు. మొదటి నెల బాకీ 10,000 కాబట్టి వడ్డీ వంద. వెయ్యి తీరాక రెండో నెల బాకీ 9,000, వడ్డీ తొంభై. అలా తగ్గుతూ పదో నెలకు బాకీ వెయ్యి, వడ్డీ పది. అన్నీ కూడితే మీరు కట్టే వడ్డీ 550. అదే పుస్తకం రాసేవాళ్ళు పది నెలలూ వందకు వంద వేసుకుంటూ పోతే మీరు కట్టేది 1,000. రెండు చోట్లా "రూపాయి వడ్డీ" అనే అంటారు. తేడా 450.

అసలు తీరేకొద్దీ మిగిలిన బాకీ మీదే వడ్డీ వేయాలన్నది మన సమాఖ్య నియమం. ప్రతినెలా మీ పాస్‌బుక్కులో అసలు ఎంత, వడ్డీ ఎంత విడివిడిగా రాయించుకోండి. రెండూ కలిపి "1,100 ముట్టినవి" అని రాస్తే ఒప్పుకోవద్దు. ఈ చిన్న పనితోనే లెక్క దారిలో ఉంటుంది.

"వేట నిషేధంలో డబ్బులుండవు. అప్పుడెలా?"

మన తీరంలో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలు వేటకు పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నిషేధం. ఆ రెండు నెలలు జాలరిపేటల్లో మగవాళ్ళకు పని ఉండదు, మన ఆడవాళ్ళకు అమ్ముకోవడానికి, ఎండబెట్టుకోవడానికి చేప దొరకదు. బ్యాంకు వాయిదా మాత్రం నిషేధం చూసి ఆగదు.

నిషేధం తేదీలు అందరికీ ముందే తెలుసు కాబట్టి దానికి జనవరిలోనే సిద్ధపడవచ్చు. 1,700 వాయిదా కట్టే ఆమె జనవరి నుంచి ఏప్రిల్ వరకు నాలుగు నెలలు 850 చొప్పున ఎక్కువ కడితే 3,400 జమ అవుతుంది. అది మే, జూన్ రెండు వాయిదాలకు సరిపోతుంది. ఆ అదనపు డబ్బు సంఘం పొదుపు ఖాతాలో ఉంచి, ఆమె పేరున పుస్తకంలో వేరే వరుసలో రాయాలి. మామూలు పొదుపులో కలిపి రాస్తే మే నెలలో వెతుక్కోవాలి.

అలా జమ చేయలేకపోయినా దారి ఉంది. వాయిదా తేదీకి ముందు జరిగే సమావేశంలో చెబితే, ఆ 1,700 సంఘం సొంత నిధి నుంచి ఆమె పేరున అంతర్గత అప్పుగా రాసి బ్యాంకుకు పూర్తి వాయిదా కట్టేయవచ్చు. వేట మొదలయ్యాక ఆమె సంఘానికి తీర్చుకుంటుంది. బ్యాంకు దగ్గర సంఘం పేరు నిలబడుతుంది, ఆమె కూడా తలెత్తుకుని ఉంటుంది. దీనికి ఒక్కటే షరతు, ముందు చెప్పాలి. వాయిదా రోజున ఫోను ఆపేసి పుట్టింటికి వెళ్ళిపోతే సంఘం ఏ సాయమూ చేయలేదు. ఎందుకంటే తీర్మానం లేకుండా సంఘం నిధి ముట్టకూడదు.

ఇంకో సంగతి కూడా చూడండి. సంఘంలో అందరూ ఒకే పని చేసేవాళ్ళైతే కష్టం అందరికీ ఒకేసారి వస్తుంది. చేపలమ్మే ఆమెకు మే నెల ఖాళీ. బీచిలో మొక్కజొన్న పొత్తులు, టీ అమ్మే ఆమెకు మే నెల సెలవుల్లో బేరం. వానలు పడి, తుపాను హెచ్చరికలొచ్చి బీచి ఖాళీ అయినప్పుడు ఈమెకు కష్టం. ఆ రోజుల్లో హాస్టలులో పనిచేసి నెల జీతం తెచ్చుకునే ఆమెకు ఇబ్బంది ఉండదు. ఇలా రకరకాల పనులవాళ్ళు కలిసిన సంఘంలో ఒకరి వాయిదా ఇంకొకరు మోయగలుగుతారు. కొత్త సంఘం పెట్టుకున్నవాళ్ళు ఇది మనసులో పెట్టుకోండి.

కట్టలేని ఆమె విషయంలో పాతవాళ్ళకు ఒక మాట. ఇంటి ముందు కూర్చోవడం, గిన్నెలు పట్టుకుపోవడం, వీధిలో నిలదీయడం మన పద్ధతి కాదు. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళతో ఊళ్ళలో ఆడవాళ్ళు పడిన అవస్థ మనలో పెద్దవాళ్ళకు తెలుసు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ బలవంతపు వసూళ్ళకు అడ్డుకట్ట వేయాల్సి వచ్చింది. వాళ్ళు చేసిన పని మనం చేస్తే మనకూ వాళ్ళకూ తేడా ఏముంది? మాట్లాడేది ఏదైనా సమావేశంలో, కూర్చుని మాట్లాడాలి. సమావేశంలో విన్న ఇంటి కష్టం కుళాయి దగ్గర చెప్పుకోకూడదు. ఇది రాసిన నియమం కాకపోయినా అన్నిటికంటే గట్టిగా పాటించాల్సింది.

"నా డబ్బు క్షేమంగా ఉందని నాకెలా తెలుస్తుంది?"

మూడు పుస్తకాలు ఒకే మాట చెప్పాలి. మీ చేతిలో ఉన్న పాస్‌బుక్కు, సంఘం లెక్కల పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్కు. మీరు కట్టింది మీ పుస్తకంలో ఎంత ఉందో సంఘం పుస్తకంలో మీ పేరున అంతే ఉండాలి. ఆ నెల పదిమంది కట్టిన మొత్తంలో అంతర్గత అప్పులకు ఇచ్చింది పోను మిగిలింది బ్యాంకు పుస్తకంలో పడి ఉండాలి. మూడూ కలిపి చూడటానికి పది నిమిషాలు చాలు.

పెద్ద అప్పు వచ్చినప్పుడు మరీ జాగ్రత్తగా చూడాలి. బ్యాంకు పుస్తకంలో ఐదు లక్షలు జమ అయినట్టు ఉంది. తీర్మానాల పుస్తకంలో తొమ్మిదిమందికి యాభై వేలు చొప్పున పంచినట్టు ఉంది. అంటే నాలుగున్నర లక్షలే. మిగిలిన యాభై వేలు ఎక్కడ? పదో ఆమె వద్దన్నదా, ఖాతాలోనే ఉందా, ఎవరైనా వాడుకున్నారా? ఈ ప్రశ్న ఆ నెలలోనే అడిగితే జవాబు దొరుకుతుంది. ఏడాది తర్వాత అడిగితే అప్పటికి దాని వాయిదాలు మీరే మోస్తూ ఉంటారు.

తేడా జరిగే చోట కొన్ని గుర్తులు ముందే కనపడతాయి. పుస్తకాలు ఎప్పుడు అడిగినా "ఇంటి దగ్గర ఉండిపోయాయి" అంటారు. బ్యాంకు పాస్‌బుక్కులో నెలల తరబడి ఎంట్రీలు వేయించరు. సమావేశం జరగకుండానే తీర్మానం రాసి ఇంటింటికీ సంతకాలకు తెస్తారు. ఖాళీ విత్‌డ్రా ఫారం మీద ముందుగానే సంతకాలు పెట్టించి ఉంచుతారు. అప్పు వచ్చిందని మనిషికి ఇంత ఖర్చుల కింద పట్టుకుంటారు. వీటిలో ఏ ఒక్కటి కనపడినా వెంటనే అడగాలి. అప్పు ఇప్పించినందుకు ఎవరికీ, ఏ పేరుతోనూ డబ్బు ఇవ్వక్కర్లేదు.

లీడర్లలోనూ చాలామంది మంచివాళ్ళే, ఇంటి పని మానుకుని బ్యాంకు చుట్టూ తిరిగేవాళ్ళే. పుస్తకం చూపించమంటే వాళ్ళమీద నమ్మకం లేనట్టు కాదు. ప్రతినెలా అందరి ముందు లెక్క చదివే లీడరు మీద ఎవరూ వేలెత్తి చూపలేరు. చూపించడం ఆమెకే రక్ష.

ఇక నియమాలు విడిగా చెప్పక్కర్లేదు, పైన చెప్పినవే. సమావేశానికి రండి, రాలేకపోతే కబురు పెట్టండి. పొదుపు, వాయిదా సమావేశంలోనే అందరి ముందు కట్టండి, దారిలో ఎవరి చేతికో ఇచ్చి పంపకండి. ఖాళీ కాగితం మీద, ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి. మీకు వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పకండి, ఎందుకో తెలియకుండా మిషను మీద వేలు పెట్టకండి. కష్టం వస్తే వాయిదా తేదీకి ముందే నోరు తెరవండి.

మీ ప్రశ్న ముందు మీ సంఘం సమావేశంలో అడగండి. అక్కడ తేలకపోతే మీ ఆర్పీని అడగండి. లీడరు గురించో, ఆర్పీ గురించో అయితే నేరుగా సమాఖ్య పాలకవర్గం దగ్గరికి రండి. సమాఖ్య సమావేశంలో ఆఖరి అరగంట సభ్యుల ప్రశ్నలకే ఉంచాం. ఒక్కరే రావడానికి బెరుకైతే మీ సంఘంలో ఇంకొకరిని తోడు తెచ్చుకోండి. మీ పాస్‌బుక్కు మాత్రం మర్చిపోకండి, అది లేకపోతే మేము కూడా మాటలే చెప్పగలం.

ఈరోజు ఇంటికి వెళ్ళాక ఒక్క పని చేయండి. మీ పాస్‌బుక్కు తెరిచి, మీరు చేరిన రోజు నుంచి ఎంత కట్టారో మీ నోటితో లెక్క చెప్పుకోండి. పుస్తకంలో అంత ఉంటే సంతోషం. లేకపోతే వచ్చే సమావేశంలో అడిగే మొదటి ప్రశ్న అదే. చదవడం రాకపోతే బడికి వెళ్ళే పిల్ల చేత చదివించుకోండి. దానికీ లెక్కలు వస్తాయి.

అందరికీ మరోసారి స్వాగతం. ఇప్పుడు భోజనాలకు ముందు కొంచెం టైము ఉంది. ఎవరైనా ఏదైనా అడగాలంటే కూర్చున్నచోటి నుంచే అడగండమ్మా, లేచి నిలబడక్కర్లేదు.